చెట్టు పచ్చగనే ఉంటది, కడుపు మాత్రం మాడుతది: బత్తాయి తోటలకు ఫ్లోరిడా చెప్తున్న లెక్క

2025 ఆగస్టుల అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక ప్రతిపాదన ముందుకు తెచ్చింది. డబ్బాల్లో అమ్మే నారింజ రసంల తీపి కనీసం 10.5 బ్రిక్స్ ఉండాలె అన్నది అక్కడ ఎన్నో ఏండ్ల సంది ఉన్న రూల్. దాన్ని 10కి దించుదామని ఆ ప్రతిపాదన. బ్రిక్స్ అంటే వంద గ్రాముల రసంల ఎన్ని గ్రాముల సారం కరిగి ఉన్నదన్న లెక్క. అందుల ఎక్కువ పాలు చక్కెరే. అర గ్రాముకు ఇంత లొల్లి ఎందుకు అనుకుంటరేమో. ఫ్లోరిడా రసం ఫ్యాక్టరీలోళ్లు, రైతులు 2022లనే దీని కోసం దరఖాస్తు పెట్టుకున్నరు. వాళ్ల కాయల్ల ఆ అర గ్రాము తీపి ఇప్పుడు వస్తలేదు. కాయ రూల్‌ను అందుకుంటలేదు కాబట్టి రూల్‌నే కాయ దగ్గరికి దించుమని అడిగిండ్రు.

దీని ఎనుక ఉన్నది గ్రీనింగ్ తెగులు. చైనోళ్లు దీన్ని హువాంగ్‌లాంగ్‌బింగ్ అంటరు, పసుపు కొమ్మ రోగం అన్నట్టు. 2003-04 సీజన్ల ఫ్లోరిడా రాష్ట్రం 24 కోట్ల 20 లక్షల పెట్టెల నారింజ తీసింది. ఒక్కో పెట్టె 90 పౌండ్లు, అంటే మన లెక్కల 41 కిలోల దాకా. 2024-25 సీజన్‌కు అది దగ్గరదగ్గర కోటి 20 లక్షల పెట్టెలకు పడిపోయింది. ఇరవై పెట్టెలు వచ్చే కాడ ఒక్కటి. నడుమ తుఫాన్లు గూడ దెబ్బ కొట్టినయి, 2017ల ఇర్మా, 2022ల ఇయాన్, 2024ల మిల్టన్. తోటలు తీసేసి ఇండ్ల ప్లాట్లు చేసినోళ్లూ ఉన్నరు. అయితే తుఫాను వచ్చి పోయినంక మంచి చెట్టు మళ్ల లేస్తది, గ్రీనింగ్ పట్టిన చెట్టు లేవలేదు. అక్కడి పెద్ద నారింజ కంపెనీల్ల ఒకటైన ఆలికో 2025 జనవరిల సాగు నుంచి తప్పుకుంటున్నమని ప్రకటించింది. పదేండ్లల తమ దిగుబడి 73 శాతం దాకా పడిపోయిందని చెప్పింది.

నల్లగొండ, అనంతపురం బత్తాయి రైతు బిడ్డలకు ఈ ముచ్చట ఎందుకంటే, ఆ పురుగు, ఆ రోగం రెండూ మన దగ్గర ఎప్పటి సందో ఉన్నయి. ఇది ఆసియా పురుగు. పుణె దగ్గర పనిచేసిన ఎస్.పి. కపూర్, ఆయన సోపతోళ్లు ఈ రోగాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోసేది సిల్లా పురుగే అని మన దేశంల 1967లనే తేల్చి చెప్పిండ్రు. ఫ్లోరిడాల ఆ పురుగు కనవడ్డది 1998ల. అంటే వాళ్లకంటె ముప్పై ఏండ్ల ముందే మనకు తెలుసు.

ఫ్లోరిడాల ఏం జరిగిందో జెర వివరంగ చూడాలె. 1998ల పురుగు దొరికినప్పుడు రోగం ఇంకా కనవడలేదు. ఆకు రసం పీల్చే పురుగుల్ల ఇదొకటి, మందు కొడితే పోతది అనుకున్నరు. కంచెకు పెంచే ఒక తెల్లపూల మొక్క ఉంటది, మన కల్యమాకు చెట్టుకు దగ్గరి చుట్టం. దుకాణాల్ల కుండీల పెట్టి అమ్మే ఆ మొక్కల మీద కూసొని పురుగు లారీలెక్కి రాష్ట్రమంత తిరిగింది. ఏడేండ్లకు, 2005ల, మయామి దిక్కు చెట్ల మీద రోగం గుర్తుపట్టిండ్రు. అప్పటికే అది ఎన్నో తావుల ఉన్నది. రోగం కనవడంగనే ఉరికిండ్రు గానీ ఉరకాల్సిన టైం ఆ ఏడేండ్లే. నా లెక్కల ఫ్లోరిడా ఓడిపోయింది 2005ల కాదు, 1998ల.

పురుగు సంగతి చెప్పుకుందాం. సిల్లా పురుగు మూడు, నాలుగు మిల్లీమీటర్లు ఉంటది, నువ్వు గింజంత. గోధుమ రంగు రెక్కల మీద మచ్చలుంటయి. దాన్ని గుర్తుపట్టేది కూసునే తీరును బట్టి. తల కిందికి ఆనిచ్చి, ఎనుక భాగం పైకి లేపి, ఆకు మీద ముల్లు గుచ్చినట్టు ఏటవాలుగ నిలవడతది. పేనుబంక అట్ల కూసోదు. దీని పిల్లలు పసుపు రంగుల బల్లపరుపుగ ఉండి, ఎనుక నుంచి తెల్లటి మైనం దారాలు వదులుతయి. లేత ఇగురు మీద సేమియా ముక్కల లెక్క తెల్లటి తీగలు వేలాడుతుంటే అది సిల్లానే అనుకోవచ్చు.

ఈ పురుగుకు ఒక పట్టింపు ఉన్నది. గుడ్లు పెడితే లేత ఇగురు మీదనే పెడతది. ముదురు ఆకు మీద పెద్ద పురుగు బతుకుతది గానీ పిల్లలు కావు. ఒక్క ఆడ పురుగు బతికినన్నాళ్ల వందల గుడ్లు పెడతది. అందుకే తోటల ఇగురు ఎప్పుడొస్తదో పురుగు గూడ అప్పుడే పెరుగుతది.

రోగం చేసేది ఒక బ్యాక్టీరియా. పేరు క్యాండిడేటస్ లిబెరిబాక్టర్ ఏషియాటికస్. ఇది గాలికి రాదు, నీళ్లకు రాదు, కత్తెర వెట్టి కొమ్మ కోసినంత మాత్రాన అంటుకోదు. సిల్లా పురుగు కుట్టాలె, లేకపోతే రోగమున్న కొమ్మ కన్నుతోని అంటు కట్టాలె. ఈ రెండే దార్లు. పిల్ల పురుగుగ ఉన్నప్పుడు రోగం ఎక్కితే అది బతికినన్నాళ్లు మోస్తనే ఉంటది. పెద్దయినంక ఎక్కిచ్చుకున్న పురుగు అంత గట్టిగ అంటియ్యలేదు.

ఒక లెక్క కట్టి చూడుండ్రి. మొదటి రోజు రోగమున్న ఆడ పురుగొకటి మీ తోటల మంచి చెట్టు ఇగురు మీద వాలింది. రసం పీల్చింది, అక్కడనే గుడ్లు పెట్టింది. పీల్చినప్పుడే బ్యాక్టీరియాను ఆ ఇగురులకు దించింది. పది, పదిహేను రోజులల్ల ఆ ఇగురే రోగాన్ని పంచే తావు అయితదని ఫ్లోరిడా పరిశోధకులు చూపెట్టిండ్రు. అప్పటికి గుడ్లు పగిలి పిల్లలు అదే ఇగురును పీలుస్తున్నయి. వెచ్చటి రోజుల్ల గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా రెండు, రెండున్నర వారాలు పడతది. ఇరవయ్యో రోజుకు రోగం మోసే కొత్త పురుగులు పక్క చెట్లకు ఎగిరిపోయినయి. మరి మొదటి చెట్టు మీద ఆకు మచ్చ ఎప్పుడు కనవడతది? ఆర్నెల్లు, ఏడాది, ఒక్కోసారి రెండేండ్లు. పసుపు కొమ్మ మన కంటికి కనవడే నాటికి ఆ చెట్టు నుంచి పురుగులు ఎన్ని కాన్పులు ఎగిరిపోయినయో ఎవ్వలూ చెప్పలేరు. "మొన్నటి దాకా బాగనే ఉండె" అని రైతు అంటే అబద్ధం కాదు, చూసేటందుకు అప్పటికి ఏం లేకుండె.

చెట్టు లోపల ఏమైతదో చూద్దాం. ఆకు ఎండల వండిన చక్కెర, బెరడు కింద ఉండే సన్నటి గొట్టాల గుండా కాయకు, వేర్లకు పోతది. వీటిని పోషక నాళాలంటరు. బ్యాక్టీరియా కాపురముండేది ఈ నాళాలల్లనే. గొట్టానికి గొట్టానికి నడుమ జల్లెడ తీరు రంధ్రాలుంటయి. బ్యాక్టీరియా వచ్చిందని తెలవంగనే చెట్టు ఆ రంధ్రాలను క్యాలోస్ అనే బంకతోని, మాంసకృత్తుల ముద్దలతోని మూసుకుంటది. దొంగ వచ్చిండని తలుపులన్నీ బిగిస్తే ఇంట్లోళ్లకే అన్నం అందనట్టు. చెట్టుకు కలిగే నష్టంల పెద్ద పాలు బ్యాక్టీరియా కంటె చెట్టు తన మీద తాను చేసుకునే ఈ పోరాటంతోనే అని ఈ మధ్య పరిశోధనలు చెప్తున్నయి.

ఆకుల వండిన చక్కెర బయటికి పోలేక పిండి పదార్థంగ ఆడనే పేరుకుంటది. పిండి ఉబ్బి ఆకు పచ్చదనాన్ని లోపలికెళ్లి పగలగొడ్తది, గందుకే పసుపు మచ్చలు. కింద వేర్లకు తిండి అందది. కొమ్మ మీద ఏ గుర్తూ కనవడక ముందే పీచు వేర్లల్ల మూడో వంతు నుంచి సగం దాకా పోతయని ఫ్లోరిడాల తవ్వి చూసినోళ్లు చెప్తరు. వేరు పోయినంక నీళ్లు, జింకు, ఇనుము పైకి రావు. రైతు ఏం చేస్తడు? చెట్టు వాడిపోతున్నదని నీళ్లు ఎక్కువ పెడ్తడు, జింకు లేదని జింకు కొడ్తడు. తినే నోరే లేని చెట్టుకు ఎరువు కుమ్మరిస్తే పైసలు మట్టిల కలుస్తయి. జింకు కొడితే ఆకు కొన్నాళ్లు పచ్చవడతది, అది నిజమే. రోగం మాత్రం ఉన్నకాడనే ఉంటది, పురుగు వచ్చి పీలుస్తనే ఉంటది.

ఇగ కాయ. ఆకు నుంచి తీపి రాకుంటే కాయ ఎట్ల ఉంటదో చెప్పనక్కర లేదు. చిన్నగ ఉంటది, ఒక దిక్కు ఉబ్బి ఇంకో దిక్కు నొక్కినట్టు వంకర తిరుగుతది. నిలువున కోస్తే నడిమి ఈనె తిన్నగ ఉండక వంగి ఉంటది. గింజలు నిండక గోధుమ రంగుకు, నల్లగ ఎండిపోయి ఉంటయి. మంచి కాయకు రంగు కింది దిక్కు నుంచి మొదలవుతది. రోగపు కాయకు తొడిమ దగ్గర ముందు రంగొచ్చి కింది దిక్కు పచ్చగనే ఉండిపోతది. గ్రీనింగ్ అనే పేరు దీంతోనే వచ్చింది. రసంల చక్కెర తగ్గి పులుపు మిగులుతది, లిమోనిన్, నోమిలిన్ అనే చేదు పదార్థాలు పెరుగుతయి. అదిట్ల ఉండంగ, కోతకు రాకముందే కాయలు రాలిపోతయి. చెట్టుకు ఎన్ని కాయలకు తిండి పెట్టే బలమున్నదో అన్నే ఉంచుకుంటది. ఫ్లోరిడాల ఆ అర గ్రాము తీపి ఇట్ల పోయింది. మన దగ్గర బ్రిక్స్ అడిగేటోడు లేడు, మండీల తరుగు తీసేటోడు ఉన్నడు. చిన్న కాయ, వంకర కాయ పక్కకు నూకేసి, తూకంల కోత పెట్టి, ఢిల్లీల రేటు లేదని చెప్పి పంపుతరు. రోగం చేసిన నష్టం రైతు చిట్టీల తరుగు పేరు మీద పడతది. రోగం పేరు ఆ చిట్టీల యాడా రాయరు.

అయితే ఒక మాట గట్టిగ చెప్పాలె. పసుపు వడ్డ ప్రతి బత్తాయి చెట్టుకూ గ్రీనింగ్ ఉన్నట్టు కాదు. నల్లగొండల బోర్లు ఎండి తోటలు కొట్టేసినోళ్లున్నరు, ఎండు వేరుకుళ్లు పట్టిన తోటలున్నయి, ట్రిస్టెజా వైరస్ ఉన్నది, సున్నపు నేలల్ల జింకు, ఇనుము లోపాలు మామూలే. అన్నిటికీ చెట్టు ఇచ్చే జవాబు ఒక్కటే, పసుపు ఆకు. అందుకే పేరు పెట్టేముందు చూసుకోవాలె.

చూసే తీరు సుతారమే. ముదిరిన ఆకొకటి తెంపి ఎండకు అడ్డం పట్టుండ్రి. నడిమి ఈనెకు ఎడమ దిక్కు ఒక తావుల పెన్నుతోని సున్న చుట్టి, సరిగ్గ దానికి ఎదురుగ కుడి దిక్కు ఇంకో సున్న చుట్టుండ్రి. జింకు లోపమైతే రెండు దిక్కుల రంగు అద్దంల చూసినట్టు ఒక్క తీరుగ ఉంటది, ఈనెల నడుమ పసుపు, ఈనెల వెంబడి పచ్చ. గ్రీనింగ్ అయితే ఒక సున్నల పచ్చ, ఎదురు సున్నల పసుపు, మచ్చలకు ఒక వరుస ఉండది, ఈనెలు దాటి పోతయి. ఇంకోటి, లోపమైతే తోటల చానా చెట్లకు, చెట్టు నిండ కనవడతది. గ్రీనింగ్ మొదట్ల ఒక చెట్టుల ఒక కొమ్మకే వస్తది. మిగిలిన చెట్టంత నిగనిగలాడుతుంటే నడుమ ఒక్క కొమ్మ పసుపు జెండా లెక్క నిలవడ్డదంటే అనుమానించాలె.

అనుమానం వచ్చినంక అయోడిన్ పరీక్ష ఇంట్ల చేసుకోవచ్చు, ఆకుల పేరుకున్న పిండిని పట్టేది అదే. చిన్న గరుకు కాయితం ముక్క తీస్కొని ఆకు పైభాగాన్ని పది, ఇరవైసార్లు రుద్దాలె. ఆకు పొడి అంటిన ఆ ముక్కను చిన్న ప్లాస్టిక్ కవర్ల ఏసి, ఒక మిల్లీలీటరు నీళ్లు పోసి పిసికి, ఒక చుక్క అయోడిన్ ఎయ్యాలె. నీళ్లు నల్లటి నీలం రంగుకు మారితే ఆకుల పిండి ఎక్కువున్నట్టు. పక్కపొంటి మంచి చెట్టు ఆకుతోని గూడ చేసి పోల్చుకోవాలె, లేకుంటే రంగు తేడా అర్థం కాదు. కొమ్మకు దెబ్బ తాకి బెరడు కోసుకపోయినా పిండి పేరుకుంటది, అందుకని ఇది అనుమానాన్ని పెంచేదే తప్ప తీర్పు కాదు. తీర్పు ల్యాబుల పీసీఆర్ చెప్తది. అది గూడ మొదటి నెలల్ల మోసం చెయ్యొచ్చు, ఎందుకంటే బ్యాక్టీరియా చెట్టంత ఒక్క తీరుగ ఉండది. మచ్చలున్న కొమ్మ ఆకులనే, తొడిమలతో సహా పంపాలె.

మందు ఉన్నదా అంటే, పట్టిన చెట్టును బాగుచేసే మందు ఇప్పటి దాకా లేదు. ఫ్లోరిడాల ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను చెట్టు మొదలుకు రంధ్రం చేసి ఎక్కిస్తున్నరు, 2022 చివర్ల పర్మిషన్ వచ్చింది. కాయ రాలుడు తగ్గింది, కాయ సైజు జెర పెరిగింది అంటున్నరు. రోగం పోలేదు, మళ్లమళ్ల ఎక్కియ్యాలె, మొదలుకు గాయాలైతున్నయి. అంతకుముందు ఆకుల మీద కొట్టి చూసిండ్రు, అది నాళాల దాకా సరిగ్గ దిగలేదు. మన దగ్గర ఎవరన్న టెట్రాసైక్లిన్ పొట్లాలు నీళ్లల్ల కలిపి పిచికారి కొడితే గ్రీనింగ్ పోతదని అమ్మితే, ఫ్లోరిడా పైసలు పెట్టి నేర్చుకున్న ఆ పాఠం వాళ్లకు చెప్పుండ్రి. మనుషులకు వాడే మందును తోటల పారబోసుడు ఇంకో తగాదా, అది వేరే రాయాల్సినంత ఉన్నది.

కాబట్టి పని చెయ్యాల్సింది రెండు తావుల, పురుగు దగ్గర, మొక్క దగ్గర. పురుగుకు మందు కొట్టేటప్పుడు క్యాలెండర్ చూసి కొట్టుడు దండుగ. చెట్టు ఇగురేసినప్పుడు, మొగ్గ విచ్చుకుంటున్న టైంలనే కొట్టాలె, ఆకు ముదిరినంక కొడితే గుడ్లు పెట్టుడు అప్పటికే అయిపోయి ఉంటది. వానల తర్వాత వచ్చే ఇగురు, చలికాలం పోంగనే వచ్చే ఇగురు కాపు కాయాలె. ఒక్క మందునే తిప్పితిప్పి కొడితే పురుగు దానికి అలవాటు పడతది, బ్రెజిల్‌ల ఈ తిప్పలు చూసిండ్రు. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ హార్టికల్చర్ ఆఫీసర్‌ను అడుగుండ్రి. అవసరం లేని కాలంల కొట్టిన మందు ఇంకో నష్టం గూడ చేస్తది. టామరిక్సియా రేడియేటా అనే చీమకంటె చిన్న కందిరీగ సిల్లా పిల్లల ఒంటి కింద గుడ్డు పెడతది, దాని పిల్ల వాటిని కింది దిక్కు నుంచి పీల్చి తింటది. అది మన ఉపఖండం పురుగే. 1970లల్ల రీయూనియన్ దీవోళ్లు ఇండియా నుంచి దాన్ని పట్టుకపోయి వదిలితే అక్కడ సిల్లా చానా తగ్గిపోయింది. పిల్ల పురుగు తొక్క ఎండి, ఛాతీ కాడ గుండ్రటి బొక్క ఉన్నదంటే ఆ కందిరీగ పనిచేస్తున్నట్టు. మన తోటల్ల అది ఫ్రీగ పనిచేస్తది, మనమే దాన్ని సంపుకుంటున్నం.

ఇంకోటి ఊరి లెక్క. ఫ్లోరిడాల ఒక్కో కంపెనీకి వేల ఎకరాలు. మన దగ్గర మూడెకరాలు, ఐదెకరాలు, గట్టుకు ఆవల ఇంకొకల తోట. సిల్లా పురుగు ముందు వచ్చి వాలేది తోట అంచు చెట్ల మీదనే. పక్కోడు బోరు ఎండి ఇడిసిపెట్టిన తోట ఉంటే మీరు ఎన్నిసార్లు కొట్టినా ఆడికెళ్లి వస్తనే ఉంటది. గట్టు మీద, పెరట్ల ఉన్న కల్యమాకు చెట్టు గూడ దానికి ఇల్లే. ఆ చెట్టుల రోగం పెద్దగ నిలవదు గానీ పురుగు మంచిగ పెరుగుతది. అట్లని కల్యమాకు చెట్లు కొట్టేయమంటలేను, మీరు తోటల కొట్టే రోజు ఆ చెట్టు ఇగురును గూడ చూడుమంటున్న. నలుగురు కూడి ఒక్క వారంల కొడితే వచ్చే ఫలితం, నలుగురు నాలుగు నెలల్ల కొడితే రాదు.

నా దృష్టిల అసలు పంచాయితీ మాత్రం నర్సరీ దగ్గర. రంగపూర్ నిమ్మ మీదనో, జంబేరి మీదనో సాతుగుడి కన్ను ఎక్కించి బత్తాయి మొక్క చేస్తరు. ఆ కన్ను తీసిన తల్లి చెట్టుకు రోగముంటే, ఆ చెట్టు నుంచి పోయిన మొక్కల్ల రోగం గూడ పోతది. పురుగు చెట్టు చెట్టుకు ఎగిరి ఏండ్లల్ల చేసే పని, ఒక్క డీసీఎం బండి ఒక్క దినంల చేస్తది. బ్రెజిల్‌ల సావో పాలో రాష్ట్రం ఈ రోగం అక్కడ కనవడక ముందే, 2003 సంది, మొక్కలన్నీ పురుగు దూరని నెట్ షెడ్లల్లనే పెంచాలని రూల్ పెట్టింది. రోగం 2004ల వచ్చింది. ఇప్పుడు అక్కడ గూడ చెట్లల్ల నలభై శాతం పైన రోగమున్నది, అందుకని వాళ్లు గెలిచిండ్రు అనను. కానీ ఇరవై ఏండ్లయినా లోకంల అందరికంటె ఎక్కువ నారింజ రసం తీస్తున్నది వాళ్లే. కొత్తగ పెట్టే మొక్క మంచిదైతే కనీసం కొన్నేండ్ల కాపు చేతికొస్తది.

మన దగ్గర నాగపూర్‌ల ఉన్న కేంద్ర సిట్రస్ పరిశోధన సంస్థోళ్లకు ఇగురు కొసను మైక్రోస్కోప్ కింద కోసి అంటు కట్టి రోగం లేని తల్లి మొక్కలు తయారుచేసే పని వచ్చు. తిరుపతిల సిట్రస్ పరిశోధన కేంద్రమున్నది. అంటే విద్య ఉన్నది. బత్తాయికి సబ్సిడీ అంటే మన సర్కార్లు డ్రిప్పు పైపుల కాడ, మొక్కకు ఇంత అని ఇచ్చే కాడ ఆగుతున్నయి. ఆ మొక్క ఏ తల్లిది, ఆ తల్లికి పీసీఆర్ ఎప్పుడు చేసిండ్రు అని అడగాల్సినోళ్లు అడగకుంటే, సర్కారు పైసలతోనే రోగాన్ని పంచినట్టు అయితది.

ఈసారి మీ ఇంట్ల బత్తాయి పెడదామని నాయిన బండి మాట్లాడుకుంటే, మీరు గూడ నర్సరీకి పోండ్రి. కన్నులు తీసే తల్లి చెట్టు చూపెట్టుమనుండ్రి. అది బయట ఎండల ఉన్నదా, నెట్ లోపల ఉన్నదా చూడుండ్రి. పరీక్ష చేసిన కాయితం, దాని మీద తారీఖు అడుగుండ్రి. లేత మొక్కల ఇగుర్లల్ల తెల్లటి మైనం తీగలు కనవడితే ఆడికెళ్లి ఒక్క మొక్క గూడ ఎత్తకుండ్రి. ఇంటి తోటల పీసీఆర్‌ల తేలిన చెట్టు ఏదన్న ఉంటే తీసుడు తప్పది, గని కొట్టే ముందు దాని మీద పురుగు మందు కొట్టి రెండు దినాలు ఆగుండ్రి. లేకుంటే గొడ్డలి దెబ్బకు దాని మీదున్న పురుగులన్నీ లేచి పక్క సాలు చెట్ల మీద వాలుతయి.